బడిలో మూగబోయే పిల్లలకు మెట్ల ప్రణాళిక: మూడో పాఠం – టీచరు గదిలోకి వచ్చే పద్ధతి

మొదటి పాఠంలో బిడ్డ ఎవరితో, ఎక్కడ, ఎంత గొంతుతో మాట్లాడుతుందో పట్టిక వేశాం. రెండో పాఠంలో బడిలో ఎవరూ ఆమెను ప్రశ్నలు అడగకుండా, మాట్లాడమని బతిమాలకుండా మూడు వారాలు నడిపించాం. ఆ రెండూ చేయకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు దయచేసి వెనక్కి వెళ్లండి. ఈ పాఠం బిడ్డ గొంతును బడిలో మొదటిసారి ఒక కొత్త మనిషి వినడం గురించి. ఆ కొత్త మనిషి ఒక్కరే. తరగతి మొత్తం సంగతి నాలుగో పాఠంలో.

పాత ఉదాహరణతోనే సాగుదాం. చిన్ని అని పిలుచుకుంటున్న ఆరేళ్ల పాప ఒకటో తరగతి చదువుతోంది. ఇంట్లో నోరు మూయదు. తమ్ముడితో పోట్లాట, అమ్మమ్మతో ఎదురు సమాధానాలు, అన్నీ ఉన్నాయి. ఎల్‌కేజీ నుంచి ఇప్పటిదాకా బడిలో మాత్రం ఒక్క మాట బయటికి రాలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. బాత్రూమ్‌కి వెళ్లాలని అడగలేక మధ్యాహ్నం దాకా బిగబట్టుకుంటుంది. రెండో పాఠం తర్వాత వచ్చిన మార్పు ఏమిటంటే, టీచరు పక్కన కూర్చుంటే బిగుసుకుపోవడం తగ్గింది, నవ్వుతోంది, బొమ్మ వేసి చూపిస్తోంది. మాట మాత్రం ఇంకా లేదు. ఈ పాఠం మొదలుపెట్టడానికి సరైన స్థితి ఇదే.

ఇది ఎందుకు పనిచేస్తుంది

ఇలా ఇంట్లో మాట్లాడుతూ బడిలో మూగబోవడాన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. మానసిక రుగ్మతలను గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎమ్-5, 2013లో వచ్చింది, దీన్ని ఆందోళన రుగ్మతల్లో చేర్చింది. అంటే ఇది మొండితనం కాదు, మాటలు రాకపోవడమూ కాదు, భయం. ఆ భయాన్ని రోజూ మేపుతున్నది ఎవరో చూడండి. టీచరు "నీ పేరేంటమ్మా?" అని అడుగుతారు. పాప గొంతు పట్టేస్తుంది. రెండు సెకన్లు గడిచేసరికి పక్కనున్న అమ్మ తట్టుకోలేక "చిన్ని అండీ" అనేస్తుంది. పాపకు ఒక్కసారిగా ఊపిరి ఆడుతుంది. అమ్మకూ ఆడుతుంది, టీచరుకూ ఆడుతుంది. ముగ్గురికీ దక్కిన ఆ ఉపశమనమే మౌనానికి దొరికిన బహుమతి. అడిగినప్పుడు మాట్లాడకపోతే భయం తగ్గుతుందని పాప శరీరం నేర్చుకుంటుంది. ఇలా ఏళ్ల తరబడి రోజూ జరిగితే అలవాటు గట్టిపడుతుంది.

దాన్ని తిరగేయడానికి పాపను ప్రశ్నల ముందు నిలబెట్టి ఎదురుచూస్తే లాభం లేదు. మనం చేసేది వేరు. ముందు పాప హాయిగా మాట్లాడుతూ ఉండాలి. ఆ మాట సాగుతుండగానే చుట్టూ ఉన్న పరిస్థితిని కొంచెం కొంచెంగా మార్చాలి. అమ్మతో మాట్లాడే గొంతు ఆగకుండానే టీచరు దగ్గరవుతారు. దీన్ని ఇంగ్లీషులో స్లయిడింగ్ ఇన్ అంటారు. ఇందులో టీచరు పాప చేత మాట్లాడించరు, మాట్లాడుతున్న పాప దగ్గరికి వస్తారు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతా నియమాలన్నీ మీకే తడతాయి.

ఎవరు, ఎక్కడ, ఏ ఆట

ఈ పనికి క్లాస్ టీచరే కావాలని లేదు. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ పదిహేను నిమిషాలు, ఖచ్చితంగా అదే సమయానికి రాగలిగే ఒక్క మనిషి కావాలి. వారానికోసారి గంటసేపు చేసేదానికన్నా ఇదే మేలు. చిన్ని బడిలో తెలుగు టీచరును ఎంచుకున్నాం. ఇంగ్లీషు మీడియం బడుల్లో ఇది మంచి ఎంపిక అని నా అభిప్రాయం. పాప ఇంట్లో మాట్లాడే భాషలోనే మొదటి మాట రావాలి. కొత్త మనిషి, కొత్త భాష రెండూ ఒకేసారి ఎదురైతే ఏది అడ్డుపడిందో మనకు తెలియదు.

రెండో మనిషి అమ్మ. అమ్మకు ఉద్యోగం ఉంటే నాన్నో, అమ్మమ్మో, అదే బడిలో అయిదో తరగతి చదివే అక్కో అయినా సరే. పాప సంకోచం లేకుండా పూర్తి గొంతుతో మాట్లాడే మనిషి అయితే చాలు.

గదికి ఉండాల్సింది ఒకటే, ఎవరూ హఠాత్తుగా లోపలికి రాకూడదు. ప్రేయర్‌కి ముందు ఖాళీగా ఉండే లైబ్రరీ గది చిన్నికి దొరికింది. ఆయమ్మకు ముందే చెప్పాలి. ఎందుకంటే సరిగ్గా పాప నోరు తెరిచిన క్షణానికే ఎవరో ఒకరు తలుపు తోసి "మేడమ్, తాళాలు" అంటారు.

ఆటను ఆలోచించి ఎంచుకోండి. ప్రతి వంతుకూ ఒక్క మాట, ఆ మాట ఏమిటో ముందే తెలిసి ఉండాలి, వెతుక్కోవలసిన పని ఉండకూడదు. అందుకే కథ చెప్పమనడం, బొమ్మను వర్ణించమనడం ఇప్పుడు పనికిరావు. మన అష్టాచెమ్మా దీనికి అచ్చంగా సరిపోతుంది. నాలుగు గవ్వలు వేసి, వెల్లకిలా పడ్డవి ఎన్నో చెప్పాలి: ఒకటి, రెండు, మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. పందెం వేసినవాళ్లే పైకి చెప్పాలన్నది ఆట నియమం, కాబట్టి మాట్లాడమని ఎవరూ అడగనక్కర్లేదు. పైగా కళ్లన్నీ గవ్వల మీద ఉంటాయి, పాప ముఖం మీద కాదు. గవ్వలు లేకపోతే వారాల పేర్లు వంతులవారీగా చెప్పుకున్నా చాలు: అమ్మ "ఆదివారం", పాప "సోమవారం", మళ్లీ అమ్మ.

మొదలుపెట్టే ముందు పాపకు మొత్తం చెప్పండి. చిన్నితో వాళ్లమ్మ చెప్పిన మాటలు ఇవి: "బడిలో నీకు గొంతు పట్టేసినట్టుంటుంది కదా, అలా చాలామంది పిల్లలకి ఉంటుంది. అది మెల్లగా పోతుంది. రేపు మనిద్దరం లైబ్రరీలో అష్టాచెమ్మా ఆడదాం. తెలుగు టీచర్ బయట వరండాలో ఉంటారు, లోపలికి రారు." రారు అన్నాక రాకూడదు. పాపకు తెలియకుండా కిటికీ పక్కన నిలబడి వినడం, ఇంట్లో మాట్లాడుతుంటే దొంగచాటుగా రికార్డు చేసి బడిలో వినిపించడం లాంటివి ఒక్కసారి చేసినా ప్రణాళిక కూలిపోతుంది. పాప ఒప్పుకుని తానే వాయిస్ మెసేజ్ పెడితే అది వేరే సంగతి. దాన్ని ఒక మెట్టుగా వాడుకోవచ్చు.

చిన్ని మెట్లు

మొదటి మెట్టులో గదిలో అమ్మ, చిన్ని మాత్రమే ఉన్నారు. తలుపు మూసి ఉంది, టీచరు దరిదాపుల్లో లేరు. చిన్ని మొదటిరోజు గుసగుసగా మొదలుపెట్టి, రెండోరోజు తమ్ముడి మీద అరిచే గొంతుతో "చెమ్మా!" అంది. ఆ ఇంటి గొంతు బడి గదిలో వినపడేదాకా రెండో మెట్టు ఎక్కలేదు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. గుసగుసతోనే ముందుకు వెళ్తే ఆ గుసగుసే స్థిరపడిపోతుంది, తర్వాత దాన్ని గొంతుగా మార్చడం ఇంకో పెద్ద పని.

తర్వాత టీచరు వరండా చివర నడిచారు, పాపకు ఆ సంగతి తెలుసు. ఆ తర్వాత మూసిన తలుపు అవతలే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అటుపైన తలుపు జానెడు తెరిచారు. తర్వాత పూర్తిగా తెరిచి, పాపకు వీపు కనపడేలా కూర్చుని కాపీలు దిద్దుకున్నారు. ఈ నాలుగు మార్పులూ రెండు రోజుల్లోనే అయిపోయాయి. గొంతు తగ్గకపోతే ఒకే రోజు రెండు మూడు మెట్లు ఎక్కినా తప్పులేదు.

తర్వాత అదే కుర్చీ, అదే కాపీల కట్ట గడప లోపలికి వచ్చాయి. ఇంకా వీపే. ఆ పైన గది మధ్యకు, పక్కకు తిరిగి. ఆ తర్వాత చాప దగ్గరికి, ఆటను చూస్తూ, మాట లేకుండా. ప్రతి మెట్టులో మారింది ఒక్కటే, దూరమో, టీచరు ముఖం తిరిగిన దిక్కో. టీచరు దగ్గరికి వచ్చిన రోజే ఆట మార్చకండి. ఆట మార్చిన రోజు టీచరును కదపకండి.

చాప దగ్గర కూర్చున్నాక టీచరు మూడో ఆటగత్తె అవుతారు. ఇక్కడ కూర్చునే వరుస ముఖ్యం. మొదట టీచరు, అమ్మ, చిన్ని అనే వరుసలో పందెం వేశారు. అంటే చిన్నికి ముందు వినిపించేది అమ్మ గొంతు. రెండు రోజుల తర్వాత అమ్మ, టీచరు, చిన్ని అని మార్చారు. ఇప్పుడు టీచరు గొంతు వెంటనే చిన్ని గొంతు వస్తోంది. బయటివాళ్లకు ఇది లెక్కలోకి రాని మార్పు, పాపకు మాత్రం పెద్ద మెట్టు. అక్కడి నుంచి టీచరు చిన్ని మాటను తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. చిన్ని "మూడు" అంటే "మూడు పడ్డాయి, కాయ మలుపు తిరిగింది" అని. అలా కొన్ని ఆటలు సాగాకే మొదటి ప్రశ్న: "ఏ కాయ జరుపుతావు, ఎర్రదా, పచ్చదా?"

ఆ ప్రశ్న రూపం చూడండి. "ఎర్రది జరుపుతావా?" అని అడిగితే పాప తలూపుతుంది, మాట రాదు. "ఏం చేద్దామనుకుంటున్నావు?" అంటే జవాబు మరీ వెతుక్కోవాలి. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే జవాబు ప్రశ్నలోనే ఉంది, అయినా పెదవి కదపక తప్పదు.

ఆగిపోయిన రోజు

ఇది జరగకుండా ఉండదు, అందుకే వివరంగా చెబుతున్నాను. టీచరు మొదటిసారి చాప దగ్గర కూర్చున్న రోజు చిన్ని గవ్వలు వేసింది. నాలుగూ బోర్లా పడ్డాయి. ఆమె నోరు తెరవలేదు. ఎనిమిది వేళ్లు చూపించింది.

అలాంటప్పుడు అమ్మ "అష్టా!" అనేస్తే మనం మొదట చెప్పుకున్న పాత చక్రమే మళ్లీ తిరుగుతుంది. "ఏమైంది, నిన్న బాగా చెప్పావుగా" అంటే అంతకన్నా చేటు. చిన్ని వాళ్లమ్మ ముందే నేర్చుకున్నట్టు గవ్వల వైపే చూస్తూ మనసులో అయిదు దాకా లెక్కపెట్టింది. అయిదు సెకన్లు పెద్దవాళ్లకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. పిల్లల గొంతు కదలడానికి ఆ సమయం నిజంగా కావాలి. మాట రాలేదు. "చెమ్మానా, అష్టానా?" అని మామూలుగా అడిగి మళ్లీ అయిదు లెక్కపెట్టింది. అప్పుడూ రాలేదు. టీచరు ఏమీ అనకుండా కాపీలు తీసుకుని లేచి గది మధ్యలోని కుర్చీకి వెళ్లిపోయారు. అమ్మ తన పందెం వేసి చెప్పింది. తర్వాతి పందెంలో చిన్ని "రెండు" అంది, మెల్లగానే. ఇంకో రెండు వంతులకు గొంతు మామూలైంది. అక్కడ ఆట ముగించారు.

మౌనం దగ్గర ఆట ముగించకూడదు. పాప మాట్లాడలేకపోయిన చోట పెద్దవాళ్లు వదిలేసి వెళ్తే, మౌనంతో తప్పించుకోవచ్చన్న పాఠమే మళ్లీ నేర్పినట్టు. ఒక్క మెట్టు దిగి, అక్కడ గొంతు విని, అప్పుడు ఆపాలి. మరుసటి రోజు ఆగిన మెట్టునే మళ్లీ ప్రయత్నించలేదు, దాన్ని రెండు ముక్కలు చేశారు. టీచరు చాపకు రెండడుగుల దూరంలో, సగం పక్కకు తిరిగి కూర్చున్నారు. అది దాటాక చాప మీద కూర్చోవడం ఇబ్బంది కాలేదు.

వేళ్ల సంగతి మీకు సందేహం తెచ్చి ఉంటుంది. రెండో పాఠంలో సైగలను సంతోషంగా అందుకోమన్నాను, ఇప్పుడూ తరగతిలో అలాగే చేయండి. కానీ ఈ ఆటలో పాప గొంతు ఇప్పటికే వచ్చింది. గొంతు వచ్చిన పనిలో సైగను జవాబుగా తీసుకోవద్దు. అలాగని తిట్టవద్దు కూడా. పని సులువు చేయండి, అంతే.

అమ్మ చెవిలో గుసగుసలాడటం మొదలుపెడితే అమ్మ దుబాసీ కాకూడదు. "గట్టిగా చెప్పు" అనడమూ వద్దు. పాపను తీసుకుని గది మూలకు, టీచరుకు దూరంగా వెళ్లండి. అక్కడ మామూలు గొంతుతో చెప్పించుకుని మళ్లీ రండి. పాప ఎంత దూరంలో గొంతుతో మాట్లాడగలదో ఆ దూరమే ఆనాటి మెట్టు.

ఇంకో రకం ఆగిపోవడం ఉంది, అది పైకి కనపడదు. అంతా బాగుందని మూడు వారాలు టీచరును గడప దగ్గరే కూర్చోబెడితే అదే హద్దని పాప నిర్ణయించేసుకుంటుంది. రెండు రోజులు వరుసగా మామూలు గొంతు వస్తే కదలాల్సిందే. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత మాత్రం రెండు మెట్లు కింద నుంచి మొదలుపెట్టండి. పోయినదేమీ ఉండదు, ఒకటి రెండు రోజుల్లో పాత చోటికి వచ్చేస్తారు.

మాట వచ్చిన రోజు పెద్దవాళ్లు పాడుచేసేవి

టీచరు చిన్ని గొంతు నేరుగా విన్న రోజు స్టాఫ్‌రూమ్‌లో పండగే. అది స్టాఫ్‌రూమ్‌లోనే ఉండాలి. "అబ్బో, మాట్లాడేసింది!" అని పాప ముందు చప్పట్లు కొడితే అందరి చూపూ ఆమె మీదికే వస్తుంది, ఆ చూపులకే కదా ఆమె భయం. "భలే పందెం" అనండి, ఆటను మెచ్చుకోండి. కొన్నాళ్లు పోయాక మామూలు గొంతుతో "చెప్పినందుకు థాంక్యూ" అంటే చాలు. ఇంటి దగ్గర స్టిక్కరో, సాయంత్రం పార్కో పెట్టుకోవచ్చు, కానీ అది ముందే అనుకున్న మెట్టుకే. "బడిలో మాట్లాడితే సైకిల్ కొంటాను" అనే బేరం వద్దు. ఆ మెట్టు ఎత్తు పాపకు అందదు, సైకిల్ రాకపోవడం మరో ఓటమి అవుతుంది.

అంతకన్నా ఎక్కువగా జరిగే తప్పు ఇంకోటి. లైబ్రరీలో మాట్లాడింది కదా అని అదే రోజు తరగతిలో నిలబెట్టి పద్యం అడుగుతారు. లైబ్రరీలో ఇద్దరు వింటారు, తరగతిలో నలభై మంది. చోటు, మనుషులు, పని మూడూ ఒకేసారి మారాయి. హెడ్మాస్టర్‌కూ మిగతా టీచర్లకూ ఈ ఒక్క విషయం కాగితం మీద రాసి ఇవ్వండి. ఓరల్ పరీక్షలు దగ్గరపడుతుంటే, ఈ టర్మ్‌కు వాటిని తెలుగు టీచరే ఇదే గదిలో తీసుకునేలా ఇప్పుడే మాట్లాడుకోండి.

అమ్మ బయటికి

టీచరు లోపలికి రావడంతో పని సగమే అయింది. అమ్మ ఉంటేనే వచ్చే మాట ఇంకా బడి మాట కాదు. చిన్ని టీచరు ప్రశ్నలకు జవాబు చెబుతూ రెండు రోజులు ఆడాక అమ్మ ఆట నుంచి తప్పుకుని పక్కన కూర్చుంది. తర్వాత కిటికీ దగ్గరికి, తర్వాత గడప దగ్గరికి, ఆ పైన బయటికి, మొదట ఒక నిమిషం, తర్వాత అయిదు నిమిషాలు. చివరికి గేటు దగ్గరే దింపి వెళ్లిపోయింది. చెప్పకుండా జారుకోలేదు, ప్రతిసారీ ఎంతసేపో చెప్పి, చెప్పిన సమయానికే వచ్చింది. ఈ సగం సాధారణంగా మొదటిదానికన్నా వేగంగా నడుస్తుంది.

ఈ పద్ధతి చాలనప్పుడు

మూసిన గదిలో అమ్మతో కూడా కొన్ని రోజులపాటు గొంతు రాకపోతే, టీచరు ఊసే లేకుండా బడి అన్న చోటే ఆ పాపను భయపెడుతోందని అర్థం. మొదటి మెట్టును ఆదివారం ఖాళీ గ్రౌండ్‌లోకో, గేటు బయటికో, లేదా టీచరే ఇంటికి రావడానికో మార్చండి. ఇంట్లో కూడా మాటలు తక్కువ అయినా, వినికిడి మీద అనుమానం ఉన్నా, అంతకుముందు అందరితో మాట్లాడే బిడ్డ ఒక్కసారిగా అన్నిచోట్లా మౌనమైపోయినా ఇది ఆ కేసు కాదు, డాక్టరు చూడాలి. ఏళ్ల తరబడి మాట్లాడని పెద్ద పిల్లల విషయంలో, బడికే రానని ఏడ్చే పిల్లల విషయంలో పిల్లల సైకాలజిస్టు తోడు లేకుండా ఒంటరిగా చేయవద్దు. అవసరమైతే సైకియాట్రిస్టు ఈ మెట్లతో పాటు మందు కూడా ఇస్తారు. ఎవరిని కలవాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబర్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.

ఈ వారం పని

ఒక నోటు పుస్తకంలో తేదీ, ఎవరు ఎక్కడ ఉన్నారు, తలుపు ఎలా ఉంది, గొంతు ఎంత అని నాలుగు గడులు గీయండి. గొంతుకు అంకెలు వేయండి: మాట లేకపోతే 0, గుసగుసకు 1, మెల్లని గొంతుకు 2, ఇంటి గొంతుకు 3. మీ గది, మీ మనిషి, మీ ఆట తేల్చుకుని, ఆ గదికి తగ్గట్టు పది పన్నెండు మెట్లు పెన్సిల్‌తో రాయండి. ఎందుకంటే వాటిలో కనీసం రెండింటిని మధ్యకు చీల్చాల్సి వస్తుంది. ఈ వారం మొదటి మెట్టు మాత్రమే చేయండి. రెండు రోజులు వరుసగా 3 పడితే తలుపు సంగతి చూడండి.

నాలుగో పాఠంలో ఇదే గదిలోకి ఒక స్నేహితురాలిని తెస్తాం, తర్వాత ఇదే ఆటను తరగతి గది మూలకు తీసుకెళ్తాం. బాత్రూమ్‌కి వెళ్తానని అడగడం కూడా అక్కడే. ఈలోగా ఆ అవసరానికి పాప బెంచీ మీద ఒక రంగు కార్డు పెట్టండి. అది తిప్పి పెడితే టీచరు తలూపుతారు, పాప వెళ్లి వస్తుంది.